ఒకే రోజు ఐదు కొబ్బరి షార్ట్స్: మూడో ప్రయత్నం, ఈసారి జాబితాతో

అంబాజీపేట దగ్గర మా పిన్నిగారి తోటలో దింపు ఉన్న రోజే షార్ట్స్ అన్నీ తీసేస్తున్నాను. దింపు, ఒలుపు, ఈనెల చీపురు, కొబ్బరి పాలు, లౌజు, మొత్తం ఐదు. దింపు మళ్ళీ నెలన్నరకో రెండు నెలలకో గానీ రాదు కాబట్టి ఆ రోజు ఏదైనా లేకపోతే అంతే సంగతులు. మొదటిసారి చెట్టెక్కే షాట్‌లో మైక్ పని చేయలేదని తర్వాత తెలిసి, ఇంకోసారి ఎక్కుతారా అని అడిగితే "ఆయ్, ఎక్కుతానండీ, దింపడానికి కాయలేవండీ?" అన్నారాయన.

అప్పట్లో నా జాబితా అంటే ఫోను, స్టాండు, మైకు, ఛార్జరు, అంతే. అవన్నీ తీసుకెళ్ళాను కూడా. లేనిది సామాను కాదు, కాయలు! ఒలుపు షాట్ మూడుసార్లు తీసి, పాల దగ్గరికి వచ్చేసరికి వ్యాపారి మనుషులు కాయలన్నీ బండికి ఎత్తేశారు. తోట నిండా కొబ్బరి చెట్లు పెట్టుకుని పక్కింట్లో కాయ అడిగి తెచ్చుకున్నాను.

అందుకే ఇప్పుడు జాబితాని షాట్ల నుంచి వెనక్కి రాస్తున్నాను. ఒలుపు దూరం నుంచి ఒకసారి, దగ్గరనుంచి ఒకసారి, తేడా వస్తే ఇంకోసారి, ఒక్కోసారికి రెండు కాయలు (ఒకటైతే ఫోకస్ కుదిరేలోపే ఒలిచేస్తారు), అంటే ఆరు. ఆ ఒలిచిన ఆరింటిలో రెండు పాలకి, రెండు లౌజుకి, రెండు అదనం, కాబట్టి ఒలుపు ముందు, వంట తర్వాత. పాల షార్ట్ మొదట్లో చూపించడానికి పీచుతో ఉన్న కాయలు ఇంకో రెండు. మొత్తం ఎనిమిది, దింపు అవగానే గోనెసంచిలో వేసి మూతి కట్టి పక్కన పెట్టేయాలి. లౌజుకి బెల్లం కూడా రెండు విడతలకి సరిపడా తీసుకోవాలి, పాకం ముదిరిపోతే మొదటి విడత పోయినట్టే.

చీపురుకి మాత్రం ముందు రోజు సర్దుకుంటే చాలదు. చీరే షాట్‌కి పచ్చాకు కావాలి, కట్టే షాట్‌కి ఎండిన ఈనెలు కావాలి. అందుకని నాలుగు రోజుల ముందే ఒక కట్ట చీరి ఎండబెట్టాను. జాబితాలో అన్నిటికంటే పైన ఇదే ఉంటుంది.

మైక్ సంగతి. రిసీవర్ ఫోన్‌కి గుచ్చాం, లైటు వెలిగింది, అయిపోయింది అనుకుంటాం. మొదటిసారి జరిగింది అదే. ఫోన్ కవర్ మందంగా ఉండి పిన్ను పూర్తిగా దిగలేదు, లైటు వెలుగుతూనే ఉంది, రికార్డు అయింది ఫోన్ సొంత మైక్‌లో. ఇప్పుడు కవర్ తీసేసి గుచ్చి, కెమెరా ఆన్ చేసి కాలర్ మైక్ మీద గోరుతో గీకి, ఆ క్లిప్ ఇయర్‌ఫోన్స్‌లో వింటున్నాను. గీకుడు చెవిలో గట్టిగా వినిపిస్తే మైక్ పనిచేస్తున్నట్టు, ఎక్కడో దూరంగా ఉన్నట్టు వినిపిస్తే ఫోన్ మైకే. రాత్రి ఇంట్లో ఒకసారి, తోటలో మొదటి షాట్ ముందు ఇంకోసారి. అదే క్లిప్‌లో పక్క చెరువు ఏరియేటర్ల మోత ఎంత ఉందో కూడా తెలుస్తుంది, మన చెవి దానికి అలవాటు పడిపోయి పట్టించుకోదు. మోత ఎక్కువుంటే మాటలు ఇంట్లో చెప్పుకుని, తోటలో బొమ్మ మాత్రం తీస్తాను.

ఫోన్‌లో ఖాళీ ఎంత కావాలో ఊహించడం మానేశాను. ఒక నిమిషం తీసి ఫైల్ సైజు చూస్తే నా ఫోన్‌లో దాదాపు 130 ఎంబీ వచ్చింది. ఒక్కో షార్ట్‌కి పది నిమిషాలు తీస్తాను, ఐదింటికి 50 నిమిషాలు, అంటే 6.5 జీబీ. దానికి రెట్టింపు, 13 జీబీ ఖాళీ చేస్తేనే బయలుదేరడం. నా రిసీవర్ గుచ్చి ఉండగా ఛార్జింగ్ పెట్టడం కుదరదు, అందుకే ఒక్కో షార్ట్‌కి చొక్కా మార్చుకునేటప్పుడల్లా ఫోన్ పవర్ బ్యాంక్‌కి వెళ్తుంది. చొక్కాలు ఐదు, ఒక్కోదాని జేబులో ఏ షార్ట్‌దో చీటీ. షాట్ మధ్యలో ఫోన్ రాకుండా ఎయిర్‌ప్లేన్ మోడ్.

ఇంకా ఒక పాత బనీను గుడ్డ. కోరు తీసిన చేత్తో ఫోన్ పట్టుకుంటే లెన్స్‌కి నూనె అంటుకుంటుంది, తెర మీద పెద్దగా తెలియదు గానీ తర్వాత చూస్తే పొయ్యి మంట చుట్టూ పొగమంచు పట్టినట్టు ఉంటుంది. రెండోసారి లౌజు షార్ట్ మొత్తం అలాగే పోయింది, అందుకే ప్రతి షార్ట్ పేరు పక్కనా "తుడువు" అని రాసుకున్నాను.

ఈసారి ఐదూ అయ్యాయి, ఎనిమిది కాయల్లో ఒకటి మిగిలింది. మర్చిపోయింది గోనెసంచి మూతికి తాడు ఒక్కటే, చీపురు కట్టడానికి తెచ్చిన తాడులోనే ముక్క కోసి కట్టాను, దాంతో చీపురుకి ఒక చుట్టు తగ్గింది.