నిద్ర రాని పిల్లను మంచమెక్కించి లాభం లేదు

మా రెండున్నరేళ్ల అమ్మాయిని ఎనిమిదింటికి పడుకోబెడితే కన్ను మూతపడేది తొమ్మిదింటికి. అమెరికాలోనూ అంతే, సెలవులకు విజయనగరం అత్తగారింటికి వచ్చి, ప్రయాణం వల్ల తారుమారైన పగలూ రాత్రీ సర్దుకున్నాకా అంతే. ఆ గంటసేపూ మంచినీళ్లు, ఇంకో కథ, ఫ్యాను ఎందుకు తిరుగుతుందనే ప్రశ్నలు. అమెరికాలో మా చుట్టుపక్కల పిల్లలు ఏడున్నరకే పడుకుంటారని నేను గడియారం చూస్తూ కూర్చుంటే అత్తగారు, "నిద్ర రానిదాన్ని మంచానికి కట్టేస్తావా అమ్మా?" అనేవారు. సగం వైద్యం ఆ మాటలోనే ఉంది.

ఒంటికి నిద్రవేళ అయ్యే ముందు కాసేపు పిల్లలు మహా చురుగ్గా ఉంటారు. సరిగ్గా అప్పుడే పడుకోబెడితే, మంచమంటే మేలుకుని పేచీ పెట్టే చోటని అలవాటైపోతుంది. అందుకే ముందు కొన్ని రాత్రులు నిజంగా నిద్రపట్టిన వేళ రాసుకున్నాం. 8:50కీ 9:10కీ మధ్య తేలింది. ఇక పడుకునే వేళ 9 గంటలే. అంతవరకు మంచం ఊసెత్తలేదు. 8:30కి పెద్ద లైటు, టీవీ ఆపేసి, కాళ్లూ చేతులూ కడిగి, ఒక కథ చెప్పేవాళ్లం. ఇరవై నిమిషాలైనా నిద్రపట్టకపోతే లేపి, మసక వెలుతురులో అరగంట ఊరికే కూర్చోబెట్టి మళ్లీ పడుకోబెట్టడమే.

మిగతా సగం వైద్యం పొద్దుట ఉంది. రాత్రి ఎప్పుడు పడుకున్నా 6:30కి లేపాలి. ఇక్కడ ఇల్లంతా నాకు ఎదురుతిరిగింది. "హాయిగా నిద్రపోతున్న పసిదాన్ని లేపడమేమిటమ్మా!" అని మామగారు గుమ్మంలో అడ్డు నిలబడ్డారు. ఎనిమిది దాకా పడుకోనిస్తే ఆ రాత్రి పదింటికి గానీ నిద్ర రాదు, మర్నాడు ఇంకా ఆలస్యం. చివరికి లేపే పని ఆయనకే అప్పగించాను. కిటికీ తెరిచి, వీధిలో పాలవాణ్ణి చూపించి లేపేవారు. మధ్యాహ్నం కునుకు గంటన్నరే, మూడు దాటనివ్వలేదు.

వరుసగా రెండు మూడు రాత్రులు పావుగంటలో నిద్రపడితే వేళను 15 నిమిషాలు ముందుకు జరపాలి. అలా 8:45, తర్వాత 8:30. ఉత్సాహంగా 8:15 చేస్తే మళ్లీ నలభై నిమిషాలు దొర్లింది, 8:30కే తిరిగి వచ్చాం. రాత్రి పది గంటలు, పగలు గంటన్నర. ఈ వయసుకు రోజుకు 11 నుంచి 14 గంటలు కావాలంటారు, దానికి సరిపోయింది.

గురక పెట్టే పిల్లలకు, నోటితో ఊపిరి తీసే పిల్లలకు మాత్రం వేళలు జరపడం కాదు, ముందు డాక్టరుకు చూపించాలి.

అమెరికా వెళ్లాక కూడా 8:30నే ఉంచుతాం. ఏడున్నర పిల్లల తల్లులు వింతగా చూస్తే చూడనీ.