షవర్‌కు పట్టిన సున్నం వదిలించిన తీరు

మాది అమలాపురం దగ్గర ఊరు. ఎండాకాలం కాలువలు కట్టేశాక ఇంటికంతా బోరు నీళ్లే. ఆ నీళ్ల దెబ్బకి మేడ మీద షవర్ సగం రంధ్రాలు మూసుకుపోయాయి, మిగతావి పక్కలకి చిమ్ముతున్నాయి. వంటింటి కుళాయి మొదలు దగ్గర గరుకుగా తెల్ల పొర కట్టింది.

ప్లంబర్ చూసి, "యాసిడ్ పోస్తే నిమిషంలో పోద్దండి" అన్నాడు. నేను వద్దన్నాను. బాత్రూమ్ యాసిడ్ సున్నంతోపాటు క్రోమ్ పూతనీ తింటుంది. మా పక్కింటి వదినగారి కుళాయిలు అలాగే పాడయ్యాయి. పూత లేచి, కింద ఇత్తడి బయటపడి పచ్చగా చిలుము పట్టింది. అది ఎంత తోమినా పోదు, కుళాయి మార్చాల్సిందే.

ముందు ఆ తెలుపు ఏమిటో చూసుకున్నాను. నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా బుడగలు వచ్చాయి, అంటే సున్నమే. మాలాగా సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో నీళ్లలో ఉప్పు కూడా ఉంటుంది. వట్టి ఉప్పు చారైతే తడిగుడ్డతో తుడిస్తే చాలు. గోధుమరంగు మరక బుడగలు లేకుండా అలాగే ఉంటే అది ఇనుము అయ్యుండొచ్చు.

కిరాణాలో నిమ్మ ఉప్పు కొని, అర లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాలు కలిపాను. షవర్ తల విప్పి అందులో ముంచాను. విప్పడం రాకపోతే ఆ నీళ్లు పాలిథిన్ కవర్లో పోసి, తల మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టొచ్చు. అరగంటకోసారి చూస్తూ గంటకి తీసేశాను. రాత్రంతా వదిలేస్తే పూత మసకబారే ప్రమాదం ఉంది. తర్వాత రబ్బరు మొనల్ని బొటనవేలితో నలిపితే లోపలి సున్నం రవ్వలుగా రాలింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నీళ్లు ధారగా వదిలి బాగా కడిగాను. స్టీలు పీచు మాత్రం వాడకండి. ఆ గీతల్లోనే మళ్లీ సున్నం పట్టుకుంటుంది.

వంటింటి కుళాయి మూతిలోని జాలీకి గుడ్డ చుట్టి కటింగ్ ప్లేయర్‌తో తిప్పాను. లోపలి జాలీ, వాషరు ఏ వరసలో ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకుని, వాటినీ నానబెట్టాను. ధార మళ్లీ నిండుగా వచ్చింది.

ఇక పూతల సంగతి. సున్నం అంటని పూత ఏదీ లేదు, కనబడకుండా దాచేవీ, తేలిగ్గా వదిలేవీ ఉన్నాయంతే. మెరిసే క్రోమ్ మీద చుక్కలు బాగా కనిపిస్తాయి కానీ నున్నగా ఉంటుంది కాబట్టి తేలిగ్గా శుభ్రమవుతుంది. మెరుపు లేని నలుపు మా నీళ్లకి అసలు పనికిరాదు. తెల్లచారలు దూరం నుంచే కనబడతాయి, పైగా రంగు పూతైతే గట్టిగా రుద్దడానికి భయం. గీతల స్టీలు లేదా నికెల్ రకాల్లో మరకలు అంతగా తెలియవు. కొత్త బాత్రూమ్‌కి నేను అదే తీసుకున్నాను, షవర్ మాత్రం రబ్బరు మొనలున్నదే. స్నానం అయ్యాక పొడిగుడ్డతో ఒకసారి తుడుస్తున్నాం. నీళ్లు ఆరితేనే కదా సున్నం మిగిలేది!