దిగేటప్పుడు మూడు లెక్కపెట్టాలె

బుధవారం. మోకాలి నొప్పికి మెల్లగ బరువులు చేసుడు మొదలువెట్టి ఆరో వారం.

పొద్దున లేవంగనే, పండ్లు కూడ తోముకోకముందే చెక్క ఎక్కిన. ఈ చెక్క మా గల్లీ వడ్లాయన చేసిచ్చిండు. ఇరవై ఐదు డిగ్రీల వాలు కావాలె అంటే ఆయన తల గోక్కున్నడు. పై పలక నలభై సెంటీమీటర్ల పొడుగు ఉంటే మడమ దిక్కు పదిహేడు సెంటీమీటర్ల ఎత్తు లేపితే సరిపోతదని లెక్క గట్టి చెప్పిన. "అంటే జానెడు కన్న కొంచెం తక్కువ. గట్ల చెప్పొచ్చు గదా" అన్నడు.

వేళ్లు పల్లం దిక్కు పెట్టి, కుడికాలు ఒక్కదాని మీద నిలబడి మెల్లగ సగం దాక కూసుంటె మోకాలి చిప్ప కింది కొన దగ్గర ఎంత నొస్తదో పదికి నంబర్ ఏసుకుంటున్న. ఇయ్యాల రెండు. సోమవారం కూడ రెండే. నాకు కావాల్సింది ఈ రెండో, సున్నానో కాదు. నిన్నటికన్న పెరిగిందా లేదా, అంతే.

అమ్మ వంటింట్లకెళ్లి చూసి, "నరం పట్టిందంటివి, మళ్ల ఆ చెక్క మీద ఏం తపస్సు బిడ్డా, జర పండుకోరాదు" అన్నది. పండుకొని చూసిన గదా. మూడు వారాలు కాళ్ల వర్కౌట్ బంద్ పెడితే నొప్పి మొత్తం పోయింది. మళ్ల మొదలువెట్టిన రెండో వారంల అదే జాగల, వేలి కొనతోని చూపెట్టేటంత చిన్న జాగల, తిరిగొచ్చింది. పట్టింది నరం కాదు, టెండన్. చిప్ప కింద నుంచి కాలి ఎముకకు పోయే బలమైన పట్టీ. రెస్టు ఇస్తే నొప్పి తగ్గుతది గానీ దాని మోసే శక్తి పెరగదు, ఇంకింత తగ్గుతది. తిరిగొచ్చి పాత బరువే ఎత్తితే దానికి అది కొత్త బరువు లెక్కనే.

అసలు తప్పు నాదే. వారానికి రెండుసార్లు చేసే స్క్వాట్ నాలుగుసార్లు చేసిన, మీదికెల్లి డబ్బా మీదికి దుంకుడు. వంద కిలోల రాడ్ ఏసుకొని రాయి పడ్డట్టు కిందికి పోయి, అడుగున బంతి లెక్క లేచుడు. బరువును ఆపి తిప్పేది ఆ అడుగుననే. అక్కడ పడే గుంజుడంతా ఆ పట్టీ మీదనే పడుతది.

ఆఫీసుకు మిర్యాలగూడ బస్సు. మిల్లుల లెక్కలు రాసుకుంటనే హమాలీలను చూసిన. పెద్దాయన ఒకాయన బస్తా నెత్తి మీద వెట్టుకొని లారీ పలక మీద నుంచి దిగుతుండు. ఎక్కినప్పటికన్న దిగేటప్పుడే మెల్లగ, అడుగు అడుగు తూచి ఏస్తుండు. అడిగితే, "ఎక్కేటప్పుడు దమ్ము పోతది సారూ, దిగేటప్పుడు తొడలు పోతయి" అన్నడు. కండరం పొడుగైతనే బరువును ఆపుకుంట దించుడు, దాన్నే ఎక్సెంట్రిక్ అంటరు. ఎత్తే దానికన్న దించే దాంట్ల కండరానికి బలం ఎక్కువ. అందుకే దించుడు అలకగ అనిపిస్తది, అందుకే మనం దాన్ని వదిలేస్తం.

జిమ్ముల ఇయ్యాల స్క్వాట్ నాలుగు సెట్లు, ఎనిమిది రెప్పులు, దిగుడు మూడు సెకన్లు, లేసుడు మూడు సెకన్లు. ఈ పద్ధతి 2009ల డెన్మార్క్‌ల చేసిన ఒక పరిశోధనది. పన్నెండు వారాలు, వారానికి మూడుసార్లు. మొదటి వారం పదిహేను రెప్పులు మాత్రమే ఎత్తగలిగే బరువు, తర్వాత పన్నెండు, పది, ఎనిమిది, ఆఖరికి ఆరు. రెప్పులు తగ్గుకుంట బరువు పెరుగుతది. అండ్లనే ఇంకొక గుంపుకు స్టెరాయిడ్ సూది ఇచ్చిన్రు. పన్నెండు వారాలకు వాళ్లకూ మంచిగనే అయింది గానీ ఆర్నెల్లకు చూస్తె వెనక్కి పోయిన్రు. బరువులు చేసినోళ్లది నిలబడ్డది. నాకు కూడ ఒకాయన సూది ఏయించుకో అన్నడు, ఈ ముచ్చట చదివినంక ఆ ఆలోచన మానుకున్న.

మధ్యల ఒక్కరోజు ఖాళీ ఎందుకంటే, గట్టిగ చేసినంక మొదటి రోజు టెండన్‌ల కట్టుడుకన్న విరుగుడే ఎక్కువ, కట్టుడు తర్వాత పైచేయి అయితది. రోజూ చేస్తె విరుగుడు మీదనే విరుగుడు.

డెబ్బై కిలోలు ఏసిన. మొదటి రెండు సెట్లు మంచిగ పోయినయి అనుకున్న. కోచ్ అన్న ఫోన్‌ల వీడియో తీసి, "నీ మూడు లెక్క ఎంతనో తెలుసా?" అన్నడు. ఎనిమిది రెప్పులు, ఒక్కోటి ఆరు సెకన్లు, మొత్తం నలభై ఎనిమిది రావాలె. నాది ముప్పై ఐదు వచ్చింది. రాడ్ బరువైన కొద్దీ నోట్ల ఒకటి రెండు మూడు ఉరుకుతున్నయి, ఆఖరి మూడు రెప్పులైతే పాత నేనే, ధబ్బున పోయి దుంకి లేసుడు. డెబ్బై ఇప్పటికి నాకు ఎక్కువన్నట్టు. మూడో సెట్టుకు అరవై ఐదుకు తగ్గించి, ఫోన్‌ల టిక్కు టిక్కు పెట్టుకొని దాని మీద చేసిన. తొడలు మండినయి, నొప్పి మూడుకు వచ్చి ఆగింది. నాలుగు దాక ఓర్చుకోవచ్చు, తెల్లారి చెక్క మీద మళ్ల పాత నంబరే రావాలె, అది షరతు.

ఇంకో తప్పు కూడ రాయాలె, మరిచిపోతా. మొదట్ల రెండు వారాలు నేను నలభై కిలోలతోని ఐదు సెకన్లు దిగుకుంట తిరిగిన. మెల్లగ చేస్తే సాలనుకున్న. ఏం ఫాయిదా లేదు. టెండన్ మారాలంటే బరువు గట్టిగనే ఉండాలె, మెల్లదనం ఆ బరువును అది ఎక్కువ సేపు మోసేటట్టు చేస్తది, అంతే. రెండిట్ల ఒకటి లేకుంటె పని కాదు.

పక్కన మా సోపతి బైసెప్స్‌కు పది సెకన్లు మెల్లగ దించే నెగటివ్‌లు కొడుతుండు, కండ పగిలిపోతదట. కండకు అంత అవసరం లేదు. రెప్పు అర సెకను నుంచి ఎనిమిది సెకన్ల మధ్యల ఏదైనా, ఇంక ఎత్తలేమనే దాక పోతే పెరుగుడు ఇంచుమించు ఒక్కతీరే ఉంటది. పది సెకన్లు దాటితే ఎత్తే బరువే పడిపోతది, ఫాయిదా తగ్గుతది. చెప్పిన, వినలే. మీదిశరీరం రోజుల నేనైతే దించేటప్పుడు రెండు మూడు సెకన్లు చూసుకుంటున్న, లేపుడు మామూలే. నాది టెండన్ పంచాయితీ, వానిది అద్దం పంచాయితీ.

రాత్రి మెట్లు దిగుతుంటె తొడ కండ నడిమిట్ల పట్టేసినట్టుంది. ఇది వేరే నొప్పి. వెడల్పుగ, ఒత్తితే నొస్తది, రేపు ఎల్లుండి ఎక్కువై తగ్గిపోతది. మొదటి వారం దీనికే గోడ పట్టుకొని దిగిన, ఇప్పుడు కండరాలు అలవాటు పడ్డయి. చిప్ప కింద వేలు పెట్టి చూసుకున్న, అక్కడ ఏం లేదు.

65 కిలోలు చివరి రెండు సెట్లు: 8, 7. నొప్పి 3. రేపు పొద్దున చెక్క.