లెక్క తేలని 3,400 యూనిట్లు: సబ్‌మీటర్ల విషయంలో నా అనుభవం

కర్నూలులోని మా మూడంతస్తుల కాంప్లెక్స్‌లో ఉన్న 22 దుకాణాలకూ, లిఫ్టు, బోరు, వరండా దీపాల వంటి ఉమ్మడి వాడకానికీ విడివిడిగా సబ్‌మీటర్లు పెట్టించి, నిర్వహణ బాధ్యత నేనే తీసుకున్నాను. మొదటి నెల మెయిన్ మీటరులో 18,400 యూనిట్లు నమోదైతే సబ్‌మీటర్లన్నీ కలిపి 15,000 మాత్రమే చూపాయి. ఆ తేడాను చదరపు అడుగుల లెక్కన అందరి మెయింటెనెన్స్‌లో కలిపేశాము. తేడా రెండో నెలలోనూ అంతే రావడంతో, ఎవరి కరెంటుకో అందరూ డబ్బు కడుతున్నారన్న బాధ నన్ను నిలవనీయలేదు.

తొలుత అన్ని రీడింగులూ ఒకే రోజు ఒకే గంటలో తీయించాను. మెయిన్ మీటరులో బిల్లుకు ఆధారమైన kVAh అంకెను కాక kWh అంకెనే తీసుకున్నాను, ఎందుకంటే మా సబ్‌మీటర్లు kWh లోనే లెక్కిస్తాయి. అయినా తేడా తగ్గలేదు.

ఆచూకీ అరగంట రీడింగుల గ్రాఫ్‌లో దొరికింది. కింది అంతస్తులోని బట్టల దుకాణంలో మధ్యాహ్నం ఒక ఏసీ వేయగానే పైకి పోవలసిన గీత కిందికి దిగింది. మీటరు తెర మీద ఫేజుల వారీగా చూస్తే ఆర్ ఫేజు 4.4 kW, వై ఫేజు 4.0 kW ఉండగా బి ఫేజు -4.2 kW చూపింది. నిజంగా వాడుతున్నది 12.6 అయితే మీటరు లెక్కిస్తున్నది 4.2, అంటే మూడో వంతు. ఫేజులోని పెద్ద కరెంటును చిన్నదిగా మార్చి మీటరుకు అందించే కరెంట్ ట్రాన్స్‌ఫార్మరునే సి.టి. అంటారు. బి ఫేజు సి.టి. నుంచి మీటరుకు వచ్చే S1, S2 తీగలు తారుమారయ్యాయి. కరెంటు దిశను గుర్తుతో సహా కూడే మీటరు కనుక, బి ఫేజు వాడకం మిగతా రెండింటి నుంచి తీసివేతకు గురైంది.

లోడు నడుస్తుండగా సి.టి. సెకండరీ తీగను ఊడదీస్తే అక్కడ ప్రాణాంతకమైన వోల్టేజి పుడుతుంది. అందుకే రాత్రి దుకాణం మూసి బ్రేకరు దించాకే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత తీగలు మార్పించాలని నిశ్చయించాను. అయితే దానికి ముందు అసలు వాడకం ఎంతో సరిచూసుకోవడానికి పది రోజులు ఒక చెక్ మీటరు పక్కన పెట్టించాను. మూడో వంతు అన్న లెక్క మూడు ఫేజుల లోడు సమానంగా ఉన్నప్పుడే నిలుస్తుంది కాబట్టి ఊహతో పాత బాకీ వసూలు చేయడం నాకు న్యాయమనిపించలేదు. చెక్ మీటరులో 1,500, పాత మీటరులో 500 వచ్చాయి.

"తప్పు మేం చేసింది కాదు కదన్నా, ఒక్కసారే కట్టమంటే యాడ తెచ్చేది?" అని దుకాణదారు అడిగాడు. ఆ నిష్పత్తి ప్రకారం నెలకు 3,200 యూనిట్ల చొప్పున రెండు నెలల బాకీని వడ్డీ లేకుండా నాలుగు వాయిదాలు చేశాము. మిగతా 21 దుకాణాలు అదనంగా కట్టిన సొమ్మును వారి తర్వాతి బిల్లుల్లో తగ్గించాము.

తీగలు సరిచేశాక తేడా సుమారు 200 యూనిట్లకు, అంటే ఒక శాతానికి కాస్త పైకి వచ్చింది. కేబుళ్లలో పోయేదీ, మీటర్ల కచ్చితత్వంలోని హెచ్చుతగ్గులూ కలిస్తే అంత ఉండడం సహజమే. ఇప్పుడు కొత్త సి.టి. మీటరు ఏది పెట్టినా ఒక్కో ఫేజు మీద తెలిసిన లోడు వేసి, తెర మీద గుర్తు చూశాకే మొదటి రీడింగు రాయిస్తున్నాను.