దూరంగా ఉంటే వింటుంది, దగ్గరికొస్తే చెవుడు: గోర్ట్‌జెల్‌తో నా అనుభవం

పని చెప్పుకోవడానికి చిన్నదే. ఒక మెషీన్ 1000 హెర్ట్జ్ బీప్ కొడుతుంది. మైక్ పెట్టి, ఆ బీప్ వచ్చిందా లేదా అన్నది ఒక చిన్న మైక్రోకంట్రోలర్ చెప్పాలి. దానికున్న ర్యామ్ మొత్తం 2 కేబీ.

"ఎఫ్‌ఎఫ్‌టీ పెట్టెయ్" అన్నారు మా సీనియర్. 256 పాయింట్ల ఎఫ్‌ఎఫ్‌టీకి 16 బిట్ల లెక్కలో బఫరే ఒక కేబీ తినేస్తుంది. పోనీ అంత తిని ఏమిస్తుంది? నాకు అక్కర్లేని ఫ్రీక్వెన్సీలన్నీ లెక్కగట్టి ఇస్తుంది. కావలసింది ఒక్కటే అయినప్పుడు 1958లో గెరాల్డ్ గోర్ట్‌జెల్ ప్రచురించిన పద్ధతి చాలు. శాంపిల్ వచ్చినప్పుడల్లా ఒక గుణకారం, ఒక కూడిక, ఒక తీసివేత, అంతే. బఫర్ అక్కర్లేదు, పాత విలువలు రెండు గుర్తుంటే సరిపోతుంది.

```
s0 = x + ((coeff * s1) >> 14) - s2;
s2 = s1;
s1 = s0;
```

సెకనుకు 8000 శాంపిళ్లు, ఒక్కో విడతకు 200. అంటే 25 మిల్లీసెకన్లు, అందులో బీప్ సరిగ్గా 25 సైకిళ్లు. `coeff` అంటే 2cos(2π·1000/8000), అంటే 1.4142. దాన్ని 16384తో హెచ్చిస్తే 23170. విడత చివర s1² + s2² − 1.4142·s1·s2 కడితే ఆ ఫ్రీక్వెన్సీలో ఉన్న పవర్ వచ్చేస్తుంది. ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

అసలు నరకం టెస్టింగ్‌లో మొదలైంది. బీపర్ గదికి అవతలి మూలన ఉంటే బోర్డు చక్కగా పట్టుకుంటోంది. మైక్ పక్కనే పెడితే లేదంటోంది! అందరి ముందూ డెమోలో బీపర్‌ని మైక్‌కి ఆనించి మరీ చూపించాను. దీపం వెలగలేదు. "మైక్ క్లిప్ అవుతోంది బాబూ, గెయిన్ తగ్గించు" అన్నారు సీనియర్, కోడ్ వంక కూడా చూడకుండానే. తగ్గిస్తే నిజంగానే దగ్గరి బీప్ పట్టుకుంది. ఆయన మాటే నిజమైనట్టు అందరూ తలలూపారు. దూరపు బీప్ మాత్రం నాయిజ్‌లో కలిసిపోయింది.

నాకు నమ్మకం కుదరలేదు. మైక్ పీకేసి, శాంపిళ్లు నేనే రాసి ఇచ్చాను: 0, 212, 300, 212, 0, −212, −300, −212. ఇదే మళ్లీ మళ్లీ. 10 బిట్ల ఏడీసీకి మధ్య విలువ తీసేశాక రెండు వైపులా 511 దాకా చోటుంది కాబట్టి 300 దగ్గర క్లిప్పింగ్ మాటే లేదు. s1 ప్రింట్ చేస్తూ కూర్చున్నాను. సైకిల్‌కి దాదాపు 1700 చొప్పున శిఖరాలు పెరుగుతూ పోయాయి. 152వ శాంపిల్ దగ్గర సుమారు −32,240. 156వ దగ్గర +33,090 రావాలి. వచ్చింది −32,440.

16 బిట్ల పూర్ణాంకంలో 32,767 దాటితే జరిగేది అదే. నాకు ముందు ఆ కోడ్ రాసి వెళ్లిపోయిన మహానుభావుడు s1, s2 రెండింటినీ `int16_t` అని పెట్టాడు. శాంపిల్ చిన్నదే కదా, చాలనుకున్నాడు కాబోలు. కానీ ఈ లెక్క సరైన ఫ్రీక్వెన్సీ దొరికితే ఉయ్యాలలా ఊపందుకుంటుంది: చివరికి ఎత్తు A·N/(2·sin ω) దాకా పోతుంది. A అంటే సిగ్నల్ ఎత్తు, N అంటే విడతలోని శాంపిళ్లు, ω అంటే 2π·1000/8000. మన అంకెలతో A 231 దాటితే పొంగిపోతుంది, 511 అయితే 72,000 పైనే. అందుకే వేరే ఫ్రీక్వెన్సీలు ఎంత గట్టిగా మోగినా ఏమీ కాలేదు, మనకు కావలసినదే గట్టిగా వస్తే చెడింది. గెయిన్ తగ్గిస్తే పనిచేసింది కూడా అందుకే, మైక్ వల్ల కాదు. ఈ మాట సీనియర్‌కి ప్రింటవుట్‌తో సహా చూపించాను, ఆయన "ఊఁ" అన్నారు.

మందు: s0, s1, s2, `coeff` నాలుగూ `int32_t`. 72,000ని 23170తో హెచ్చించినా 32 బిట్లలో పడుతుంది. చివరి వర్గాలకు మాత్రం 64 బిట్లు కావాలి. విడతకు ఒక్కసారే కనుక భారం కాదు.

పవర్‌ని స్థిరమైన అంకెతో పోల్చమని ఎవరైనా చెబితే వినకండి, దూరం మారగానే ఆ అంకె పనికిరాదు. శాంపిళ్ల వర్గాల మొత్తం E కూడా కూడుతూ రండి. స్వచ్ఛమైన బీప్‌కి పవర్ సరిగ్గా N·E లో సగం ఉంటుంది, గట్టిగా మోగినా మెల్లగా మోగినా. నేను పవర్‌కీ N·Eకీ ఉన్న నిష్పత్తి పావు దాటితేనే బీప్ అని గీత గీశాను.

ఆ గీతతో ఇంకొకటి బయటపడింది. చవక బజర్ 1020 హెర్ట్జ్ దగ్గర మోగితే, 200 శాంపిళ్లతో నిష్పత్తి 0.2కి పడిపోయి తప్పిపోతోంది. శాంపిళ్లు ఎక్కువైతే చెవి సన్నబడుతుంది మరి. 104కి తగ్గించాను, అంటే సరిగ్గా 13 సైకిళ్లు. ఇప్పుడు 1020కీ నిష్పత్తి 0.4 దగ్గర వస్తోంది, జవాబు 13 మిల్లీసెకన్లకే దొరుకుతోంది. కాకపోతే 1050 హెర్ట్జ్ శబ్దాన్ని 200 శాంపిళ్లంత గట్టిగా తోసిపుచ్చలేదు. మా దగ్గర అలాంటిదేదీ మోగదు కాబట్టి 104తోనే ఉంచేశాను.