లేటెక్స్ అనుకున్నాను, కాదట

శనివారం రాత్రి స్టేజీ మీద డాన్స్. ఫాల్స్ లాషెస్ ఆరు గంటల పాటు రెప్పల మీదే ఉన్నాయి. ఇంటికొచ్చి తీసేసినప్పుడు ఏమీ తేడా తెలియలేదు. ఆదివారం కూడా మామూలుగానే గడిచింది. సోమవారం పొద్దున అద్దంలో చూసుకుంటే కుడి రెప్ప ఎర్రగా ఉబ్బి ఉంది, వెంట్రుకల మొదళ్ల దగ్గర పొట్టు లేస్తోంది. సాయంత్రానికి ఎడమ రెప్ప కూడా అలాగే అయింది. దురద ఎంతంటే చేతులు కట్టేసుకోవాలనిపించింది. కంట్లో మాత్రం పుసి లేదు, చూపు బాగానే ఉంది.

ఫోటో తీసి అక్కకి పంపాను. "నీకు లేటెక్స్ పడదే. గ్లూలో అదే ఉంటుంది. లేటెక్స్ ఫ్రీ అని రాసుంటుంది చూడు, అది కొనుక్కో" అంది. అక్కకి రబ్బరు గ్లౌజులు వేసుకుంటే చేతులు దద్దుర్లెక్కుతాయి, కాబట్టి తనకి తెలిసే చెప్పిందనుకున్నాను. కొన్నాను.

రెప్పలు పూర్తిగా మానాక, మూడు వారాలకి ఇంకో ప్రోగ్రాం వచ్చింది. కొత్త గ్లూ పెట్టాను. ఈసారి రెండో రోజు దాకా ఆగలేదు. మర్నాడు మధ్యాహ్నానికే కుడి కన్ను సగం మూసుకుపోయింది.

అప్పుడు గానీ పాత ట్యూబు అట్టపెట్టె వెతికి చదవాలని తోచలేదు. కావలసినవి అందులోనే ఉన్నాయి: నీళ్లు, యాక్రిలేట్స్ కోపాలిమర్, ఇంకో నాలుగు పేర్లు. రబ్బరు అన్న మాటే లేదు. కొత్త ట్యూబూ దాదాపు అదే. అంటే లేటెక్స్ లేని గ్లూ మానేసి, లేటెక్స్ లేని గ్లూ కొనుక్కున్నానన్నమాట!

చర్మ వ్యాధుల డాక్టరుగారు ముందు గ్లూ గురించి అడగలేదు. "పెట్టుకున్న ఎంతసేపటికి మొదలైంది?" అన్నారు. మొదటిసారి ఒకటిన్నర రోజు, రెండోసారి ఇంకా ముందు అన్నాను. సహజ రబ్బరు లేటెక్స్‌లోని ప్రోటీన్ పడనివాళ్లకి సాధారణంగా నిమిషాల్లో, మహా అయితే గంటలో దురద, దద్దుర్లు, వాపు వచ్చేస్తాయట. ఆయాసం, గొంతు బిగుసుకోవడం ఉంటే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పరిస్థితి. నాలాగా ఒకటి రెండు రోజులు ఆగి తామరలా పొట్టు లేచేది వేరే రకం, దాన్ని కాంటాక్ట్ అలర్జీ అంటారు. అది తగిలిన ప్రతిసారీ ఇంకాస్త తొందరగా, గట్టిగా రావచ్చు. కనురెప్ప చర్మం అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు కనుక ముందు అక్కడే బయటపడుతుంది.

ఆ తర్వాత ఆవిడ నా చేతులు చూశారు. "గోళ్లకి జెల్ పాలిష్ ఎన్నాళ్ల నుంచి పెడుతున్నారు?" ఎనిమిది నెలలుగా ఇంట్లోనే కిట్‌తో పెట్టుకుంటున్నాను. చర్మానికి అంటుకున్నది అప్పుడప్పుడు టిష్యూతో తుడిచేసేదాన్ని. ఆవిడ అనుమానం అక్కడే మొదలైంది.

లేటెక్స్‌కి చేతి మీద సూదితో చిన్నగా గుచ్చి చూసే ప్రిక్ టెస్ట్ చేశారు, ఏమీ రాలేదు. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి 48 గంటలు ఉంచారు. అవి తీసిన రోజున ఒకసారి, ఇంకో రెండు రోజులకి మళ్లీ ఒకసారి చూశారు. నా గ్లూనే ఎండబెట్టి ఒక పట్టీలో పెట్టారు. రబ్బరు తయారీలో కలిపే రసాయనాల పట్టీల కింద చర్మం మామూలుగానే ఉంది. నా గ్లూ ఉన్నచోట ఎర్రటి దద్దు. జెల్ పాలిష్‌లలో ఉండే హెమా అనే యాక్రిలేట్ పట్టీ కింద అంతకంటే పెద్దది. గట్టిపడిన కోపాలిమర్ సాధారణంగా ఏమీ చెయ్యదట. అందులో కలవకుండా మిగిలిపోయిన చిన్న అణువులతోనే గొడవ. నా ఒళ్లు వాటిని గోళ్ల దగ్గర నేర్చుకుని, రెప్పల దగ్గర గుర్తుపట్టి ఉంటుందన్నారు.

రెప్పలకి తేలికపాటి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ కొద్ది రోజులకే రాసిచ్చారు. బాగుంది కదా అని సొంతంగా కొనసాగిస్తే కంటి లోపలి ఒత్తిడి పెరగొచ్చని గట్టిగా చెప్పారు. పది రోజుల్లో తగ్గింది. జెల్ కిట్ చెత్తబుట్టలో పడేశాను.

ఇక నాకు మిగిలింది, ఇన్నాళ్లూ భయపడ్డ లేటెక్స్ గ్లూనే. పాలలా తెల్లగా ఉండి, ఎండితే రంగు పోయే రకం. ప్రిక్ టెస్ట్‌లో ఏమీ రాలేదు కనుక ఇంట్లో పరీక్షించుకోవచ్చన్నారు. మోచేతి మడతలో రోజుకి రెండుసార్లు, ఒకే చోట, వారం రోజులు రాశాను. ఏమీ కాలేదు. బుడగలు ఊదితే పెదాలు వాచేవాళ్లు, అరటిపండో కివీనో తింటే నోరు దురద పెట్టేవాళ్లు మాత్రం ఈ ప్రయోగం ఇంట్లో చెయ్యకూడదు, ముందు డాక్టరు చూడాలి.

గ్లూ మారితే సరిపోలేదు, నేను పెట్టుకునే పద్ధతి కూడా మారాల్సి వచ్చింది. ఇదివరకు లాషెస్ అతికి ఉండే సన్నటి బ్యాండ్ మీద తడి గ్లూ రాసి వెంటనే అద్దేదాన్ని. అది జారి రెప్ప అంచు లోపలికి, కంటి తడిలోకి పోయేది. ఇప్పుడు బ్యాండ్‌ని ముందు కంటికి ఆనించి కొలిచి, బయటి చివర నుంచి కత్తిరిస్తాను. ముక్కు వైపు రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ వదులుతాను, లేకపోతే రెప్ప వేసినప్పుడల్లా గుచ్చుకుంటుంది. సన్నటి గీతలా గ్లూ రాసి అర నిమిషం ఆగితే జిగురెక్కుతుంది. అద్దం కిందికి పెట్టి, చూపు దించి, ముందు మధ్యభాగం, తర్వాత రెండు కొసలు, సొంత వెంట్రుకల మొదళ్లకి కాస్త పైన. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్లు ఈ తతంగానికి ముందే పెట్టేసుకోవాలి.

తీయడంలో నేను చేసిన పాపం ఇంకా పెద్దది. అలసటతో పొడిగా లాగేసేదాన్ని, ఐదారు సొంత వెంట్రుకలు బ్యాండ్‌తో పాటు వచ్చేవి. అలా ఒరుసుకుపోయిన చర్మంలోకి ఏ రసాయనమైనా తేలిగ్గా దిగుతుంది. ఇప్పుడు నూనె ఉన్న మేకప్ రిమూవర్‌లో దూది తడిపి, మూసిన కంటి మీద ఒక నిమిషం ఒత్తకుండా ఆనించి ఉంచుతాను. నూనె తగిలితే రబ్బరు గ్లూ మెత్తబడి ఊడుతుంది. బయటి కొస నుంచి లోపలికి నెమ్మదిగా తీస్తాను. ఎక్కడైనా పట్టేస్తే లాగను, ఇంకో అర నిమిషం దూది. తర్వాత మొహం కడుక్కుని, బ్యాండ్ మీద మిగిలిన గ్లూ ట్వీజర్స్‌తో తీసి, నూనె పోయేలా తుడిచి పెట్టెలో పెడతాను. నూనె మిగిలితే మళ్లీసారి అంటుకోదు. ఇదంతా స్ట్రిప్ లాషెస్ సంగతి. సెలూన్‌లో ఒక్కో వెంట్రుకా అతికించే ఎక్స్‌టెన్షన్ల గ్లూ సయనోఅక్రిలేట్, దాన్ని ఇంట్లో పీకే ప్రయత్నం వద్దు, పెట్టినవాళ్లే తీయాలి.

పంటి రంగులో ఉండే ఫిల్లింగుల్లో కూడా యాక్రిలేట్ కుటుంబం రసాయనాలే ఉంటాయి కనుక, మొన్న డెంటిస్టు దగ్గర ముందే చెప్పాను. అక్కా నేనూ కలిసి ప్రోగ్రాంకి వెళ్తే మేకప్ పెట్టె ఒకటే, గ్లూలు రెండు. నాది తనకి పడదు, తనది నాకు పడదు. రెండు ట్యూబుల మీదా మార్కర్‌తో పేర్లు, తెరిచిన తేదీలు రాసుకున్నాం.