రిమోట్ ఆపేసి చూశాను

ఈరోజు డ్రోన్ ప్రొపెల్లర్లు తీసేసి, ఆర్మ్ చేసి, థ్రాటిల్ సగానికి పెట్టి రిమోట్ ఆపేశాను. సిగ్నల్ పోతే డ్రోన్‌ని వెనక్కి రప్పించే `FS_THR_ENABLE` సెట్టింగ్ 1 లోనే ఉంది, అయినా స్క్రీన్ మీద మోడ్ స్టెబిలైజ్ నుంచి కదల్లేదు.

కారణం రిసీవర్‌లో దొరికింది. లింక్ తెగినా అది చివరిగా అందిన స్టిక్ విలువలనే పంపుతూ ఉంది. డ్రోన్‌ని నడిపే ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్‌కి సిగ్నల్ పోయిన సంగతే తెలియదు, ఇంక వెనక్కి రమ్మని ఎవరు చెప్తారు? గాల్లో ఇలా జరిగితే అదే థ్రాటిల్‌తో అలాగే వెళ్లిపోయేది. తలుచుకుంటేనే భయం వేసింది. లింక్ పోతే ఏ పల్సూ పంపకుండా ఉండేలా రిసీవర్ సెట్టింగ్ మార్చాక, రిమోట్ మళ్లీ ఆపగానే ఆర్‌టీఎల్ పడింది, అంటే బయల్దేరిన చోటికి తిరిగొచ్చే మోడ్. జీపీఎస్ లాక్ లేకపోతే ఆర్‌టీఎల్ బదులు ఉన్నచోటే దిగే ల్యాండ్ మోడ్ పడుతుంది, కాబట్టి ఈ పరీక్ష ఆరుబయటే చేయాలి.

బ్యాటరీ సంగతి కాస్త సులువు. నాలుగు సెల్స్ ప్యాక్‌కి తక్కువ వోల్టేజీ హద్దు `BATT_LOW_VOLT` 14.0 ఇచ్చాను, అంటే సెల్‌కి 3.5 వోల్టులు. అంతకంటే తగ్గితే ఏం చేయాలో చెప్పే `BATT_FS_LOW_ACT` 2, అంటే ఆర్‌టీఎల్. థ్రాటిల్ గట్టిగా ఇస్తే వోల్టేజీ క్షణం పాటు పడి లేస్తుంది. అందుకే `BATT_LOW_TIMER`ని 10 సెకన్లలోనే ఉంచాను. అంతసేపూ తక్కువగా ఉంటేనే వెనక్కి తిరుగుతుంది.

రేపు రిసీవర్ ఫర్మ్‌వేర్ మార్చాలి. తర్వాత రిమోట్ మళ్లీ ఆపి చూస్తాను.